యాభై దాటాక కుర్రాళ్ల మీట్‌లకి వెళ్తే మన 28 ఏళ్ల అనుభవం ఎలా చెప్పాలి?

నాకు 53. విశాఖలో గాజువాక దగ్గర ఒక కంపెనీలో 28 ఏళ్లు మెకానికల్ మెయింటెనెన్స్ చేశాను, పోయిన ఏడాది మానేశాను. ఋషికొండ, మధురవాడ సైడ్ స్టార్టప్ మీట్‌లకి మూడు సార్లు వెళ్లాను, అందరూ మా అబ్బాయి వయసు వాళ్లే. "నమస్తే సర్" అంటారు, రెండు నిమిషాల్లో పక్కకి వెళ్లిపోతారు. నా అనుభవం వాళ్లకి పనికొస్తుందని నాకు తెలుసు, ఎలా చెప్పాలో తెలియట్లేదు. ఎవరైనా ఈ దారిలో వెళ్లినవాళ్లు చెప్తారా?

నాకిప్పుడు 61 అండి. నాదీ రొటేటింగ్ ఎక్విప్‌మెంటే, పంపులు, బ్లోయర్లు, కంప్రెసర్లు. 52లో ఉద్యోగం మానేశాక నేనూ మీలాగే ఆ కొండల వైపు తిరగడం మొదలెట్టాను, ఇప్పుడు నాలుగు చిన్న టీమ్‌లతో రెగ్యులర్‌గా పని చేస్తున్నాను, అందరూ ముప్పై లోపు వాళ్లే. మధ్యలో ఏం జరిగిందో చెప్తాను, మీది కూడా మెయింటెనెన్సే కాబట్టి నేరుగా పనికొస్తుంది.

ముందు ఆ రెండు నిమిషాల సంగతి. మీరు పేరు చెప్పాక "28 ఏళ్లు మెయింటెనెన్స్" అని చెప్పి ఉంటారు, తర్వాత ప్లాంట్ పేరు, చివరి హోదా. నేనూ అదే చేసేవాణ్ని. అవతల నిలబడ్డ ఇరవయ్యారేళ్ల కుర్రాడికి ఆ 28 అన్న అంకె పట్టుకోడానికి ఏమీ ఇవ్వదు, అతను పుట్టక ముందు నుంచి మీరు పని చేస్తున్నారని మాత్రం తెలుస్తుంది, దాంతో గౌరవం చూపించి తప్పుకుంటాడు. అది అమర్యాద కాదు, నిజానికి మర్యాదే, పెద్దాయన్ని ఏం అడగాలో తెలియక వెళ్లిపోతున్నాడు. అడగడానికి ఏదో ఒకటి మనమే చేతికివ్వాలి. అనుభవం అంటే ఏళ్లు కాదండి, వాళ్లు ఇంకా చూడని బ్రేక్‌డౌన్‌లు మనం చూసి ఉండటం. కాబట్టి చెప్పాల్సింది ఆ బ్రేక్‌డౌన్ గురించి, ఏళ్లు వాళ్లే లెక్కేసుకుంటారు.

నాకు ఇది ఎలా తెలిసిందో ఒక్క కేసు పూర్తిగా చెప్తాను.

ఒక శనివారం సాయంత్రం మీట్‌లో ఒక టేబుల్ మీద ఇద్దరు, ఒక అమ్మాయి ఒక అబ్బాయి, మోటార్ల మీద అంటించే చిన్న వైబ్రేషన్ సెన్సర్ పెట్టుకుని కూర్చున్నారు. అంతకు ముందు రెండు మీట్‌లలో నా ఏళ్లు చెప్పీసి ఖాళీ చేతులతో వచ్చాను, ఆ రోజు అవేవీ చెప్పలేదు. నా పేరు చెప్పి, "పంపు బానే ఉండి అలారం మాత్రం వస్తూ ఉండటం మీకు ఎక్కడైనా జరిగిందా" అని అడిగానంతే. ఆ అమ్మాయి ముఖం మారిపోయింది, వెంటనే లాప్‌టాప్ నా వైపు తిప్పింది. ఆటోనగర్‌లో ఒక కస్టమర్ దగ్గర కూలింగ్ వాటర్ పంపు, దాని మోటారు నిమిషానికి 2970 తిరుగుళ్ల స్పీడ్‌ది, టూ పోల్. రీడింగ్ సెకనుకి 7 మిల్లీమీటర్లు దాటుతోంది. గ్రాఫ్‌లో 100 హెర్ట్జ్ దగ్గర పెద్ద పీక్. వీళ్ల సాఫ్ట్‌వేర్ దాన్ని మిస్‌అలైన్‌మెంట్, అంటే మోటారు షాఫ్టూ పంపు షాఫ్టూ ఒకే వరసలో లేవు అని చెప్పింది, కస్టమర్ రెండు సార్లు అలైన్‌మెంట్ చేయించాడు, కప్లింగ్ కూడా మార్పించాడు, రీడింగ్ అలాగే ఉంది. ఇంకో వారంలో సెన్సర్లు పీకీసి తీసుకెళ్లమన్నాడట.

మీకు ఇప్పటికే అర్థమయ్యుంటుంది. 2970 అంటే సెకనుకి 49.5 తిరుగుళ్లు, దానికి రెట్టింపు 99. మిస్‌అలైన్‌మెంట్ అయితే చాలాసార్లు పీక్ ఆ రెట్టింపు దగ్గరే వస్తుంది. మన కరెంటు 50 హెర్ట్జ్, దాని రెట్టింపు 100, కరెంటు వైపు సమస్య అయితే పీక్ అక్కడ వస్తుంది. 99కీ 100కీ మధ్య ఒక్కటే తేడా. నేను అడిగింది ఒకే ప్రశ్న, "ఒక్కో రీడింగ్ ఎన్ని సెకన్లు రికార్డ్ చేస్తున్నారు?" అర సెకను అన్నారు. అర సెకను రికార్డ్ చేస్తే గ్రాఫ్‌లో ఒక్కో గడి 2 హెర్ట్జ్ వెడల్పు ఉంటుంది, ఇక 99 ఏదో 100 ఏదో దానికి తెలిసే దారి లేదు. ఈ మాట చెప్పగానే ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు, లెక్క వాళ్లకి నాకంటే బాగా వచ్చు, కానీ టూ పోల్ మోటారు దగ్గర ఈ రెండూ ఇంత పక్కపక్కన కూర్చుంటాయని వాళ్లకి ఎవరూ చెప్పలేదు.

ఇక్కడ నేను ఒక తప్పు చేయబోయి ఆగాను, అది మీకు చెప్పాలి. "అర సెకను ఏటండి, పది సెకన్లు తీసుకోవాలి కదా" అని నోటిదాకా వచ్చింది. దానికి బదులు "అర సెకనే ఎందుకు పెట్టారు" అని అడిగాను. బ్యాటరీ అండి. ఆ సెన్సర్ రెండేళ్లు బ్యాటరీ మార్చకుండా నడవాలి, ఎక్కువ సేపు రికార్డ్ చేసి పంపితే కొన్ని నెలల్లోనే అయిపోతుంది. వాళ్ల నిర్ణయం వెనక కారణం ఉంది, అది నాకు తెలియని కారణం. నేను గానీ ముందు తీర్పు చెప్పేసి ఉంటే ఆ అబ్బాయి బ్యాటరీ గురించి నాకు క్లాస్ తీసుకుని, ఈయనకి మన ఫీల్డ్ తెలియదు అనుకుని ఊరుకునేవాడు. "ఎందుకు ఇలా పెట్టారు" అన్న ప్రశ్న నా అనుభవాన్ని వాళ్ల పనిలోకి ఎక్కించింది. తర్వాత వాళ్లే దారి కనిపెట్టారు, రోజంతా అర సెకనే, రోజుకి ఒక్కసారి మాత్రం ఎనిమిది సెకన్లు. ఆ ఆలోచన నాకు వచ్చేది కాదు.

మంగళవారం పొద్దున్న ముగ్గురం ఆటోనగర్ వెళ్లాం. మోటారు నడుస్తుండగా రీడింగ్ చూస్తూ స్విచ్ ఆఫ్ చేయించాను. స్పీడ్ ఇంకా తగ్గకముందే, కరెంటు తీసిన క్షణంలోనే రీడింగ్ సగానికి పైగా పడిపోయింది. మెకానికల్ సమస్య అయితే స్పీడ్‌తో పాటు మెల్లగా దిగాలి కదా. అంటే అలైన్‌మెంట్ జోలికి వెళ్లక్కర్లేదు. మళ్లీ కరెంటు రాకుండా లాకౌట్ చేసి, మోటారు ఒక్కో కాలి బోల్టు వదులు చేస్తూ డయల్ గేజ్ పెట్టి చూస్తే, కప్లింగ్‌కి అవతల వైపు ఎడమ కాలు 0.18 మిల్లీమీటర్లు లేచింది. 0.05 దాటితేనే సరిచేయాలి. సాఫ్ట్ ఫుట్, అంటే ఆ కాలు బేస్ మీద సరిగ్గా కూర్చోలేదు. దాని కింద ఎవరో తుప్పు పట్టిన పాత షిమ్ రేకులు ఐదారు కుక్కి ఉంచారు, బోల్టు బిగించినప్పుడల్లా మోటారు బాడీ కొంచెం వంగి, లోపల రోటర్ చుట్టూ గాలి సందు ఒక వైపు తగ్గిపోయి, ఆ 100 హెర్ట్జ్ కొడుతోంది. అవన్నీ తీసేసి ఒకే స్టెయిన్‌లెస్ షిమ్ వేసి, అలైన్‌మెంట్ ఒకసారి చెక్ చేసి స్టార్ట్ చేస్తే రీడింగ్ 2.1. మధ్యాహ్నం భోజనం టైముకి అయిపోయింది. కస్టమర్ సెన్సర్లు ఉంచుకున్నాడు.

ఆ తర్వాత నన్ను ఎవరూ ఎన్నేళ్ల అనుభవం అని అడగలేదు. ఆ అమ్మాయే ఇంకో ఇద్దరికి నా నంబర్ ఇచ్చింది, వాళ్ల ద్వారా మరో టీమ్. నేను మొత్తం పదకొండు మీట్‌లకి వెళ్లాను ఆ ఏడాది, ఇప్పటికీ నాతో ఉన్నవాళ్లంతా ఆ ఒక్క పంపు దగ్గర నుంచి వచ్చినవాళ్లే.

కాబట్టి మీరు ఇంకో మీట్‌కి వెళ్లే ముందు ఇంట్లో కూర్చుని ఇలాంటివి మూడు రాసుకోండి. మీ పాత డైరీలు, షిఫ్ట్ నోట్స్ ఉంటే తియ్యండి, జ్ఞాపకం మీద ఆధారపడితే అంకెలు జారిపోతాయి, అంకె లేని కథ వాళ్లకి అంటదు. ఒక్కోదానికి ఐదారు లైన్లు చాలు: ఏం కనిపించింది, అందరూ ఏమనుకున్నారు, మీరు ఏ పరీక్షతో వేరే అని తేల్చారు, ముందు ఎంత తర్వాత ఎంత. "అందరూ ఏమనుకున్నారు" అన్నది వదలకండి, ఎందుకంటే ఆ కుర్రాళ్ల సాఫ్ట్‌వేర్ కూడా ఇప్పుడు అదే అనుకుంటూ ఉంటుంది, వాళ్లకి తగిలేది అక్కడే. మీరు 28 ఏళ్లు అంటున్నారు కాబట్టి 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ వచ్చినప్పుడు డ్యూటీలో ఉండి ఉంటారు. తడిసిన మోటార్లు ఏ వరసలో తీశారు, ఇన్సులేషన్ చూసే మెగ్గర్ వాల్యూ ఎంత దగ్గర మొదలైంది, ఎండబెడుతుంటే ముందు పడిపోయి తర్వాత ఎక్కిందా, ఏది తొందరపడి స్టార్ట్ చేసి కాల్చుకున్నారు, ఇవన్నీ సముద్రం పక్కన ప్లాంట్‌లకి సామాను అమ్మాలనుకునే ఏ టీమ్‌కైనా బంగారం. వాళ్లలో చాలామంది అప్పుడు స్కూల్లో ఉన్నారు. కానీ "హుద్‌హుద్ టైములో మేం పడ్డ కష్టం" అని మొదలెడితే వినరు, "మీ ప్యానెల్ బాక్స్ ఉప్పుగాలిలో ఎన్ని నెలలు పెట్టి చూశారు" అని మొదలెడితే వింటారు.

ఒక జాగ్రత్త. పాత కంపెనీ డ్రాయింగులు, రిపోర్టులు, రేట్లు బయట పెట్టకండి, పేరు కూడా చెప్పకండి, "ఒక ప్రాసెస్ ప్లాంట్‌లో" అంటే చాలు. మీరు పాత యజమాని గుట్టు చెప్పేస్తుంటే రేపు మా గుట్టూ చెప్తారు కదా అని ఆ కుర్రాళ్లకీ తడుతుంది.

ఏ మీట్‌కి వెళ్తున్నారు అన్నది కూడా చూసుకోండి. ఫండింగ్ పిచ్‌లు జరిగే రోజు వెళ్తే అక్కడ అందరి చూపూ ఇన్వెస్టర్ల మీదే ఉంటుంది, మీ తప్పేం లేకుండానే ఒంటరిగా నిలబడతారు. డెమో టేబుల్స్ ఉండే రోజు వెళ్లండి, వస్తువు ఎదురుగా ఉంటే మాట దానంతట అదే పుడుతుంది. నగరం అవతలి కొసన పెదగంట్యాడ దగ్గర మెడ్‌టెక్ జోన్ ఉంది, మీ గాజువాకకి దగ్గరే, అక్కడ వైద్య పరికరాలు తయారుచేసే చోట్ల కూడా కంప్రెసర్లు, చిల్లర్లు, క్లీన్ రూమ్ బ్లోయర్లు ఉంటాయి, వాటిని చూసుకునే మనిషి కోసం వెతికే చిన్న కంపెనీలు ఉంటాయి. నా అభిప్రాయం ఏంటంటే మధురవాడ సాఫ్ట్‌వేర్ వాళ్ల కన్నా మిషన్ ముట్టుకునే కుర్రాళ్లు మనకి త్వరగా కలుస్తారు. పెద్దగా చప్పట్లు కొట్టే మీట్ కన్నా ఒక చిన్న వర్క్‌షాప్‌లో ఆరుగురు కూర్చునే రోజు మేలు.

పిలుపుల సంగతి చిన్నదిలా కనిపిస్తుంది గానీ చాలా దూరం తీసుకెళ్తుంది. వాళ్లని "బాబూ", "అమ్మా", "నువ్వు" అనకండి, పేరు పెట్టి గారు అనండి, మీరు అనండి, పాతికేళ్ల పిల్లయినా సరే తన కంపెనీకి తను యజమాని. వాళ్లు మిమ్మల్ని సర్ అంటే వద్దని పట్టుబట్టక్కర్లేదు, మన వైపు అలవాటు అది, కానీ అంకుల్ దగ్గర ఆగిపోతే పని మాటలు రావు, అలాంటప్పుడు నవ్వుతూ "పేరు పెట్టి పిలవండి, గారు తగిలిస్తే చాలు" అంటాను నేను. "మా రోజుల్లో" అన్న మాట మాత్రం పూర్తిగా మానేశాను, దాని తర్వాత ఎంత మంచి విషయం చెప్పినా అప్పటికే చెవులు మూసుకుపోయి ఉంటాయి.

మీ మాట తగిలిందా లేదా ఎలా తెలుస్తుందంటే, వాళ్లు తిరిగి అంకె అడుగుతారు. "ఎంత వచ్చింది రీడింగ్", "ఎన్ని రోజులు పట్టింది", "ఫోటో ఉందా". అలా అడిగారంటే లోపలికి వచ్చారు. "వావ్ సర్, గ్రేట్ ఎక్స్‌పీరియన్స్" అన్నారంటే మాట అక్కడితో అయిపోయిందని అర్థం, ఇంకా లాగకుండా వాళ్ల పని గురించి ఒక ప్రశ్న అడిగి వినండి, లేదా పక్క టేబుల్‌కి వెళ్లండి.

మర్నాడు ఒక్క మెసేజ్ పెట్టాలి, అదే రాత్రి కాదు, వారం తర్వాత కాదు. నేను ఆ అమ్మాయికి ఆదివారం పొద్దున్న పెట్టింది దాదాపు ఇలా ఉంటుంది: "నిన్న మీ టేబుల్ దగ్గర 100 హెర్ట్జ్ గురించి మాట్లాడింది నేనే అండి. కస్టమర్ దగ్గరకి వెళ్లే ముందు మోటారు నేమ్ ప్లేట్ ఫోటో ఒకటి తెప్పించండి, పోల్స్, స్పీడ్ కన్ఫర్మ్ చేసుకుందాం. మంగళవారం పొద్దున్న నేను ఖాళీ, డయల్ గేజ్ నా దగ్గర ఉంది." అంతే. బయోడేటా పెట్టలేదు, "ఏదైనా అవకాశం ఉంటే చెప్పండి" అనలేదు. వాళ్లు చేయాల్సిన ఒక చిన్న పని, నేను తేగలిగిన ఒక వస్తువు, ఒక రోజు. ఆ నంబర్‌కి ఆ తర్వాత గుడ్ మార్నింగ్ ఫోటోలు, ఫార్వర్డ్‌లు ఒక్కటి కూడా వెళ్లకూడదు, మీ పేరు స్క్రీన్ మీద కనిపిస్తే పని విషయమే అయి ఉండాలి. లింక్డిన్‌లో కూడా పేరు కింద "28 ఏళ్ల అనుభవం" తీసేసి ఏం సరిచేస్తారో రాయండి, "పంపులు, మోటార్ల వైబ్రేషన్ సమస్యలు" అని రాసినా చాలు.

ఇక మీ దగ్గర ఇంకో ఆస్తి ఉంది, అది మీరు లెక్కలోకి తీసుకుని ఉండరు. మీ కింద ట్రైనీలుగా చేరి, మానేసి వెళ్లిపోయి, ఇప్పుడు వేరే ప్లాంట్‌లలో సెక్షన్లు చూస్తున్నవాళ్లు. మార్క్ గ్రానోవెటర్ అని అమెరికన్ సోషియాలజిస్ట్ 1973లో ఒక పేపర్ రాశాడు, తెలిసినవాళ్ల ద్వారా ఉద్యోగం దొరికినవాళ్లని అడిగితే, ఆ తెలిసిన మనిషిని తరచూ కలిసేవాళ్లమని చెప్పింది 17 శాతం లోపే, మిగతా అందరూ అప్పుడప్పుడో ఎప్పుడో ఒకసారో కలిసేవాళ్లు. రోజూ కలిసేవాడికి మనకి తెలిసిందే తెలుస్తుంది కదా, దూరంగా వెళ్లిపోయినవాడికి వేరే సంగతులు తెలుస్తాయి. నేను ఒక కాగితం మీద అలాంటి పేర్లు ఇరవై రాసుకుని వారానికి ఇద్దరికి ఫోన్ చేశాను, ఏమీ అడగడానికి కాదు, "మీ దగ్గర ఇప్పుడు కండిషన్ మానిటరింగ్ ఎలా చేస్తున్నారు, ఏది ఇబ్బంది పెడుతోంది" అని తెలుసుకోడానికి. అక్కడ విన్నది నాకు మీట్‌లలో మాట్లాడటానికి సరుకైంది, ప్లాంట్‌లో నిజంగా ఏ నొప్పి ఉందో కుర్రాళ్లకి బయట నుంచి తెలియదు.

కానీ ఇక్కడే జారిపోయే చోటు ఉంది. మీకు లోపల మనుషులు తెలుసు అని తెలియగానే కొందరు మిమ్మల్ని గేటు పాస్ లాగా చూస్తారు. నాకు ఒకసారి అలా జరిగింది, ఒక టీమ్ వాళ్లు మూడు సార్లు కాఫీకి పిలిచారు, మూడు సార్లూ మిషన్ గురించి ఒక్క మాట లేదు, "ఫలానా సార్‌తో మీటింగ్ పెట్టించండి" అనే. పెట్టించాను. వాళ్ల సామాను సరిగ్గా పరీక్షించింది కాదు, రెండో నెలకే మూలపడింది, నేను ఫోన్ చేసిన జూనియర్ తన పైవాళ్ల దగ్గర మాటపడ్డాడు, అతను ఆ తర్వాత చాలా కాలం నాతో సరిగ్గా మాట్లాడలేదు, ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది. అప్పటి నుంచి నా పద్ధతి ఒకటే, వస్తువుని నా చేత్తో ఒక మిషన్ మీద నెల రోజులు చూడకుండా ఎవరి పేరూ చెప్పను. చెప్పినప్పుడు కూడా ముందు లోపలి మనిషిని అడిగి, అతను సరే అంటేనే నంబర్ ఇస్తాను. మొదటి మీటింగ్‌లో "నాకు అక్కడ తెలిసినవాళ్లు ఉన్నారు" అనే మాట అసలు వద్దు.

దానికి బదులు ప్లాంట్ ఎలా నడుస్తుందో చెప్పండి, అది మనుషుల పేర్లు లేకుండా చెప్పొచ్చు. డెమో అడగాల్సింది షట్‌డౌన్‌కి రెండు నెలల ముందు, షట్‌డౌన్ వారంలో ఎవరూ ఫోన్ ఎత్తరు. "బాగుంది" అనేది మెయింటెనెన్స్ ఇంజనీర్, కానీ డబ్బు పుట్టేది ఏ బడ్జెట్ హెడ్ నుంచో, అది స్పేర్స్ బడ్జెట్‌లో పడుతుందా క్యాపిటల్‌లో పడుతుందా అనేది ఆ ఇంజనీర్‌ని మొదటి రోజే అడగాలి. ఇది తెలియక ఫ్రీ ట్రయల్ మీద ఫ్రీ ట్రయల్ ఇస్తూ ఏడాది పోగొట్టుకున్న పిల్లల్ని చూశాను.

డబ్బు మాట ఎప్పుడు ఎత్తాలని మీరు అడగలేదు గానీ రెండో నెలలో వస్తుంది. నేను మొదటి మాట, మొదటి సైట్ విజిట్ ఊరికే చేస్తాను. రెండో విజిట్‌కి పిలిచినప్పుడే, వెళ్లే ముందే, "ఈసారి నుంచి రోజుకి ఇంత తీసుకుంటానండి, రిపోర్ట్ రాసి ఇస్తాను" అని మెసేజ్‌లో రాస్తాను. ఆ పంపు టీమ్ వెంటనే సరే అంది. ఇంకో టీమ్ తర్వాత చెప్తాం అని మళ్లీ పిలవలేదు, అదీ మంచిదే అయింది, ఆ మంగళవారాలు వేరేవాళ్లకి దొరికాయి.

ముందు ఆ డైరీలు తియ్యండి. మూడు కేసులు రాశాక ఇక్కడ పెట్టండి, పేర్లు తీసేసి. ఏది ముందు చెప్పాలో, ఏ అంకె తక్కువైందో నేను చూసి చెప్తాను.